నాలుగు ఐతారాలు: ఒక కండక్టర్ కూతురి కథను దిద్దిన తీరు

కథ సంగతి ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. జనగామ డిపోలో కండక్టర్‌గా పనిచేసే కొమురయ్య కూతురు శ్రావణికి రెండు కాలేజీల్లో సీటు వచ్చింది, ఒకటి ఎంచుకోవాలి. కొత్త రచయిత నుంచి ఎడిటింగ్‌కు వచ్చిన మొదటి ప్రతి ఇరవై నాలుగు వందల మాటలు. భాష బాగుంది, తండ్రీకూతుళ్ల మీద ప్రేమ ఉంది. చదివి పక్కన పెట్టాక మాత్రం ఏమీ గుర్తుండలేదు. మూడు దిద్దుళ్ల తర్వాత పందొమ్మిది వందల మాటలకు చేరి నిలబడింది. ఆ మధ్యలో ఏం మారిందో, ఎందుకు మారిందో ఇక్కడ వివరంగా ఉంది.

మొదటి ప్రతి ఇలా మొదలైంది: "టేబుల్ మీద రెండు ఉత్తరాలు. ఒకటి హైదరాబాద్ పక్క కాలేజీది, ఇంకొకటి మంథని యూనివర్సిటీ కాలేజీది. రెండూ ఎంసెట్ సీట్లే. శ్రావణి రెండింటినీ మార్చి మార్చి చూసింది." ఇంటర్ పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఈ మూడో వాక్యం దగ్గరే కథ ఆగిపోతుంది, ఎందుకంటే ఆ కౌన్సెలింగ్‌లో ఒకరి చేతిలో రెండు సీట్లు ఉండవు. విద్యార్థి ఎన్ని వెబ్ ఆప్షన్లు పెట్టుకున్నా అలాట్‌మెంట్ ఒక్కటే వస్తుంది. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి, అందులో కొత్త సీటు వస్తే పాత సీటు తనంతట తానే పోతుంది. అది వెంటనే ఇంకొకరికి వెళ్తుంది, వెనక్కి అడిగే వీలుండదు. గడువులోగా ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోయినా అంతే. అంటే ఒకే కౌన్సెలింగ్‌లో "ఇదా, అదా" అనే ప్రశ్న ఆప్షన్లు పెట్టేటప్పుడే ముగుస్తుంది. సీటు వచ్చాక మిగిలేది "ఇదా, ఏదీ లేదా" అన్నదే.

ఇది చిన్న పొరపాటులా కనిపిస్తుంది. ఒక కాలేజీ పేరు మార్చేస్తే సరిపోతుందని రచయితకూ అనిపించింది. కానీ కథ మొత్తం ఆ రెండు ఉత్తరాల మీదే నిలబడింది. అవి అబద్ధమైతే శ్రావణి పడే వేదన కూడా అబద్ధమే. అందుకే ముందుగా అడగాల్సిన ప్రశ్న, నిజంగా ఒకేసారి రెండు సీట్లు ఎప్పుడు ఉంటాయని. రెండు వేర్వేరు కౌన్సెలింగ్‌ల నుంచి వస్తేనే ఉంటాయి. రాష్ట్ర కౌన్సెలింగ్ ఒకటి, దేశమంతటి ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు పంచే జోసా ఇంకొకటి. ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. రెండూ వేసవి చివర, వానలు మొదలయ్యే రోజుల్లో కొంతమేర కలిసి నడుస్తాయి. ఇలా దిద్దాక శ్రావణి చేతిలోకి వచ్చిన సీట్లు ఇవి: ఘట్‌కేసర్ దగ్గరి ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సైన్స్, అస్సాంలోని సిల్చార్ ఎన్ఐటీలో సివిల్.

సిల్చార్‌ను ఊరికే ఎంచుకోలేదు. మొదట రచయిత వరంగల్ ఎన్ఐటీ అనుకున్నారు. వరంగల్ జనగామకు పక్క ఊరు. అక్కడ సీటొస్తే ఇక ఆలోచించేదేముంది? ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకు, మిగతా సగం బయటి రాష్ట్రాల వాళ్లకు. వరంగల్‌లో అందని ర్యాంకుకు బయటి కోటాలో, ఆడపిల్లలకు విడిగా ఉన్న సీట్లలో సిల్చార్ లాంటి చోట దొరకడం నమ్మదగ్గ విషయం. అడిగిన బ్రాంచి కాక సివిల్ రావడమూ అంతే సహజం. దాంతో రెండు పళ్లాలూ బరువెక్కాయి. ఒకవైపు అందరూ కోరుకునే బ్రాంచి, ఇంటి నుంచే రాకపోకలు. ఇంకోవైపు మంచి సంస్థ, రెండు రాత్రులు దాటే రైలు ప్రయాణం.

ఇక్కడ కథకు అనుకోని లాభం కూడా కలిగింది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. ఘట్‌కేసర్ దాకా ఎక్స్‌ప్రెస్‌లో శ్రావణికి రూపాయి ఖర్చు లేదు. జీరో టికెట్ చెల్లేది మాత్రం రాష్ట్ర సరిహద్దు వరకే. తండ్రి టికెట్ మిషన్‌లో సిల్చార్ అనే స్టేజీయే లేదు. దూరాన్ని చూపడానికి మొదటి ప్రతిలో అరపేజీ వర్ణన ఉండేది. దాన్ని తీసేసి ఈ ఒక్క వాక్యం పెడితే చాలింది.

తర్వాత తండ్రి పాత్ర. మొదటి ప్రతిలో కొమురయ్య ఖాకీ చొక్కా వేసుకుని, భుజాన తోలు సంచీ తగిలించుకుని, టికెట్ల కట్టకు పంచ్ కొడుతూ "రైట్ రైట్" అంటాడు. కూతుర్ని దూరం పంపనని గట్టిగా చెప్తాడు. చివర్లో కన్నీళ్లు పెట్టుకుని ఒప్పుకుంటాడు. ఇలాంటి పాత్రకు ఒక పరీక్ష ఉంది. కండక్టర్ అన్న మాట తీసి ఆటో డ్రైవర్ అనో, వాచ్‌మన్ అనో పెట్టి చదవాలి. కథలో ఒక్క సంఘటన కూడా మారకపోతే ఆ ఉద్యోగం పాత్రకు వేసిన వేషమే. ఈ ప్రతిలో మారింది ఒక్క చొక్కా రంగే.

పైగా ఆ వేషం కూడా పాతబడింది. పంచ్, టికెట్ల ట్రే పోయి చాలా కాలమైంది. ఇప్పుడు చేతిలో ఉండేది టికెట్ మిషన్. డ్యూటీ ఎక్కేటప్పుడు డిపోలో మిషన్ తీసుకుంటారు, దిగేటప్పుడు ట్రిప్పులు క్లోజ్ చేసి, మిషన్ చూపే మొత్తానికి సరిపడా డబ్బు కౌంటర్లో కడతారు. తక్కువ పడితే సొంత జేబు నుంచి వేయాలి. తనిఖీ వాళ్లు ఎక్కినప్పుడు మనుషుల లెక్కకు టికెట్ల లెక్క కుదరకపోతే సంజాయిషీ చెప్పుకోవాలి. జీరో టికెట్‌కు డబ్బు రాకపోయినా లెక్క తప్పదు. ఎక్కిన ప్రతి ఆడమనిషికీ అది కొట్టాల్సిందే. ఈ మనిషికి ఉద్యోగం నేర్పిన గుణం అరుపూ కాదు, మొండితనమూ కాదు. రాత్రి పడుకునేలోపు లెక్క ముగించడం. ఏ ఇంట్లోనైనా పిల్లలకు అంటేది ఇలాంటి అలవాటే.

ఇది తెలిశాక కథకు దారి దొరికింది. శ్రావణి రెండు సీట్లనూ తండ్రి మిషన్ క్లోజ్ చేసినట్టు లెక్కేస్తుంది. ఆ లెక్క కథలో నిజంగా కనబడాలి. "ఖర్చులు బేరీజు వేసుకుంది" అని రాస్తే పని జరగదు. రెండో ప్రతిలో ఆ పేజీ కోసం పోగు చేసిన వివరాలు ఇవి.

ప్రైవేటు కాలేజీ ఫీజు కథలో ఏడాదికి లక్షా పది వేలు. వెనుకబడిన తరగతుల పిల్లలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అని పాఠకులు వెంటనే అడుగుతారు. దానికి కుటుంబ ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్నాల్లో రెండు లక్షలు దాటకూడదు. రెగ్యులర్ కండక్టర్ జీతం ఆ గీతకు చాలా పైన ఉంటుంది. మొదటి ప్రతిలో కొమురయ్యకు రీయింబర్స్‌మెంట్ వస్తుందని రాశారు. కండక్టర్ అంటే పేదవాడేనన్న ఊహలోంచి వచ్చిన తప్పు అది. అతను పేదవాడు కాడు, ఉన్నవాడూ కాడు. ప్రభుత్వ పథకానికి ఎక్కువ, కాలేజీ ఫీజుకు తక్కువ. ఈ మధ్య స్థితిని సరిగ్గా చూపడం పేదరికాన్ని చూపడం కన్నా కష్టం, అవసరం కూడా.

ఎన్ఐటీలో ట్యూషన్ ఫీజు సెమిస్టర్‌కు 62,500, ఏడాదికి లక్షా పాతిక వేలు. కుటుంబ ఆదాయం లక్షలోపు ఉంటే ట్యూషన్ మొత్తం మాఫీ. లక్ష నుంచి ఐదు లక్షల దాకా ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. అంటే సెమిస్టర్‌కు 41,667 తగ్గి, కట్టాల్సింది 20,833 అవుతుంది. రాష్ట్ర పథకం దగ్గర గీత దాటిన కొమురయ్య, జీతం ఒక్కటే చూస్తే, ఇక్కడ గీత లోపలే ఉంటాడు. ఒకే మనిషి, ఒకే జీతం. ఒక కౌంటర్లో ఉన్నవాడు, ఇంకో కౌంటర్లో లేనివాడు.

కథ మలుపు ఈ ఐదు లక్షల గీత దగ్గరే దొరికింది. ఐదు లక్షలను పన్నెండు నెలలకు పంచితే నెలకు 41,667. సెమిస్టర్‌కు మాఫీ అయ్యే మొత్తమూ 41,667. రెండు అంకెలూ ఒకటే. శ్రావణి నోటు పుస్తకంలో ఒకే అంకె రెండు చోట్ల రాసి ఉంటుంది. తండ్రి నెల జీతం దాటకూడని హద్దు ఒకటి, దాటితే ప్రతి సెమిస్టర్‌కూ పోయేది ఇంకొకటి. రచయిత ఇక్కడ రెండు వాక్యాల వ్యాఖ్యానం చేర్చారు, దాన్ని కొట్టేశాం. అంకె రెండుసార్లు కనిపిస్తే పాఠకుడే ఆగుతాడు.

ఇక కొమురయ్య జీతం ఎంత ఉండాలన్నది కథ కోసం కట్టుకున్న లెక్క. నెలకు 39,400 అనుకుంటే ఏడాదికి 4,72,800. గీతకు ఇంకా 27,200 చోటు ఉంది. కూతురి ఫీజు కోసమని ఆ ఏడు అతను డబుల్ డ్యూటీలు చేశాడు. కథలో డబుల్‌కు 1,200 చొప్పున వేశాం. ఇరవై రెండు డబుళ్లు చేస్తే 4,99,200 అవుతుంది, గీతకు ఎనిమిది వందలు తక్కువ. అతను చేసింది ఇరవై ఆరు. మొత్తం 5,04,000. నాలుగు డబుళ్లకు 4,800 సంపాదించి, ఏడాదికి 83,333 మాఫీ పోగొట్టుకున్నాడు. ఆ సంగతి అతనికి తెలియదు. ఫారం-16 చూసి ఆదాయ సర్టిఫికెట్‌కు మీసేవలో దరఖాస్తు నింపుతున్న కూతురికి తెలిసింది. ఇలాంటి కథ రాసేవాళ్లు జీతం, డబుల్ రేటు తాము ఎంచుకున్న సంవత్సరానికి డిపోలో అడిగి మార్చుకోవాలి. గీతను ఎన్ని డ్యూటీలతో దాటాడన్న సంఖ్య మాత్రం చిన్నగానే ఉండాలి. పది డ్యూటీలతో దాటితే అది నిర్లక్ష్యంలా ఉంటుంది. నాలుగైతే గుండెలో గుచ్చుకుంటుంది.

ఆ నాలుగు ఎప్పుడు చేశాడన్నది రచయితకు తట్టలేదు, కానీ ఊరే చెప్పింది. జనగామ నుంచి సిద్దిపేట రూటులో చేర్యాల వస్తుంది. ఆ దగ్గర్లోనే కొమురవెల్లి. సంక్రాంతి తర్వాత మొదలై ఉగాది దాకా ప్రతి ఆదివారం మల్లన్న జాతర, ప్రతి ఆదివారం స్పెషల్ బస్సులు. కథ 2025 జూలైలో జరుగుతుంది. ఆ ఏడు ఫిబ్రవరిలో ఆదివారాలు నాలుగే: 2, 9, 16, 23. మార్చి ఆదివారాలు పెడదామని రచయిత అన్నారు, అది ప్రమాదం. మార్చి డ్యూటీల డబ్బు ఏప్రిల్‌లో చేతికొస్తే వచ్చే ఆర్థిక సంవత్సరం లెక్కలో పడొచ్చు, మలుపు జారిపోతుంది. ఫిబ్రవరి అయితే మార్చి ముప్పై ఒకటి లోపే జీతంలో కలుస్తుంది. కొమురవెల్లి మల్లన్న పేరు పెట్టుకున్న కొమురయ్య ఆ మల్లన్న జాతర డ్యూటీలకే గీత దాటడం కథకు దొరికిన వరం. దాన్ని ఎత్తిచూపకుండా వదిలేశాం.

ఈ లెక్క ఎంత సున్నితమో తెలియడానికి ఒక తప్పు చెప్పాలి. రెండో ప్రతిలో శ్రావణి తల్లి ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మంచి దృశ్యం, కుట్టుమిషన్ చప్పుడుతో సహా. కానీ మాఫీకి చూసేది కుటుంబం మొత్తం ఆదాయం, తండ్రి జీతం ఒక్కటే కాదు. తల్లి ఏడాదికి పది వేలు సంపాదించినా ఇరవై రెండు డబుళ్లతోనే గీత దాటిపోతుంది. అప్పుడు ఆ నాలుగు ఆదివారాలకు అర్థం ఉండదు. కుట్టుమిషన్ తీసేయాల్సి వచ్చింది. రచయితకు బాధ కలిగింది, అది న్యాయమైన బాధే. కానీ ఒక లెక్క మీద నిలిచే కథలో మంచి దృశ్యం కూడా లెక్కకు లోబడాలి.

గడువు విషయంలో మొదటి ప్రతి "రేపే ఆఖరు తేదీ" అని వదిలేసింది. దేనికి ఆఖరు? జోసా సీటు ఒప్పుకుని ముందే ఫీజు కట్టి ఉంటారు. ఆ సీటు వద్దనుకుంటే వెనక్కి తీసుకునే వీలు చివరి రౌండుకు ముందే ముగుస్తుంది. రాష్ట్ర కౌన్సెలింగ్ సీటు సెల్ఫ్ రిపోర్టింగ్ గడువు వేరు. ఏటా ఈ తేదీలు మారతాయి కాబట్టి కథ జరిగే ఏడాది షెడ్యూళ్లు రెండూ పక్కపక్కన పెట్టుకుని రాయాలి. అయితే పాఠకుడికి ఇన్ని తేదీలు అక్కర్లేదు. వాటన్నిటి బదులు ఒక్క కాగితం చాలు, టీసీ. మార్కుల మెమోకు జిరాక్స్ ఇవ్వొచ్చు. చేరేటప్పుడు టీసీ మాత్రం అసలుదే ఇవ్వాలి, అది ఒక్కటే ఉంటుంది. ఘట్‌కేసర్ కాలేజీలో ఇచ్చేస్తే సిల్చార్‌లో చూపడానికి ఉండదు. తిరిగి తీసుకోవాలంటే అడ్మిషన్ రద్దు చేసుకోవాలి. కాబట్టి కథ కాలాన్ని ఒక్క రాత్రికి కుదించాం. పొద్దున టీసీ పట్టుకుని ఘట్‌కేసర్ బస్సెక్కాలి, లేదా ఎక్కకూడదు. "రెండు ఉత్తరాలు" అని మొదలైన కథ ఇప్పుడు ఒక టీసీతో మొదలవుతుంది. ప్లాస్టిక్ కవర్లో, తండ్రి డ్యూటీ కాగితాల కింద.

నడుమ సంభాషణ మొదటి ప్రతిలో పుస్తకాల భాషలో ఉండేది: "నాన్నగారూ, నా భవిష్యత్తు గురించి నేనే నిర్ణయించుకోవాలి." జనగామ ఇంట్లో ఈ మాట ఎవరూ అనరు. చివరి ప్రతిలో ఇలా ఉంది:

"ఫిబ్రవరిల ఎన్ని డబుల్లు కొట్టినవ్ బాపూ?"

"నాలుగు. నాలుగైతారాలు. మల్లన్న జాతర గదా." అన్నం కలుపుకుంటూ ఆగాడు. "ఎందుకు బిడ్డా?"

"ఊకనే. ఫారంల రాయాలె."

"నీ ఫీజుకే గద ఎక్కిన. డిపోల వద్దన్నరు, నేనే అడిగి ఎక్కిన."

కథలో అతి బరువైన చోటు ఇదే. "నేనే అడిగి ఎక్కిన" అనే మాటలో గర్వం ఉంది, ఆ గర్వాన్ని శ్రావణి చెడగొట్టకూడదు. రెండో ప్రతిలో ఈ మాట తర్వాత శ్రావణి కంట నీరు తిరిగింది. దాన్ని తీసేసి ఆమె చేత మంచినీళ్ల గ్లాసు తండ్రి వైపు జరిపించాం. ఏడిపిస్తే అతను కారణం అడుగుతాడు. అడిగితే ఆమె చెప్పాలి. చెప్తే కథ అక్కడే అయిపోతుంది. ఆమె చెప్పకుండా ఉండగలగాలంటే ఆమె చేతులకు ఏదో పని ఉండాలి.

ముగింపు మూడుసార్లు మారింది. మొదటిదాంట్లో ఆమె తండ్రి కోసం సిల్చార్ వదులుకుంటుంది. త్యాగం చేసిందన్న పేరు తప్ప ఇందులో ఆమె ఆలోచన లేదు. పైగా ప్రైవేటు కాలేజీ ఫీజు కూడా లక్షా పది వేలు, మాఫీ లేని ఎన్ఐటీ ట్యూషన్‌కు పదిహేను వేలే తక్కువ. హాస్టలు, రైలు కలిపితే తేడా పెరుగుతుంది నిజమే, కానీ త్యాగం చేసినంత మిగులు మాత్రం లేదు. రెండోదాంట్లో ఒక దాత స్కాలర్‌షిప్ వస్తుంది. లెక్క మీద కట్టిన కథలో లెక్కకు బయటి నుంచి డబ్బు తెస్తే అంతకు ముందు చదివిందంతా వృథా.

మూడోది నిలిచింది. ఆమె సిల్చార్ ఎంచుకుంటుంది, మొదటి ఏడాది పూర్తి ట్యూషన్ కట్టేందుకు సిద్ధపడే. డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు ఒక వాక్యం తప్పనిసరి, లేకపోతే చివరి పేజీ గాల్లో తేలుతుంది. నాలుగు లక్షల దాకా విద్యారుణానికి బ్యాంకు తాకట్టు అడగదు. ఆ దరఖాస్తు ఆమె ఫోన్‌లో సగం నింపి ఉంటుంది. ఇంకో వివరం కూడా కావాలి. మాఫీ ఆ ఏటి ఆదాయాన్ని బట్టి ఇస్తారు కాబట్టి, వచ్చే ఏడు ఆదాయం గీత లోపల ఉంటే మళ్లీ అడగొచ్చని ఆమె సంస్థ నోటీసులో చదివి ఉండాలి. ఇలాంటి కథలో ఏ సంస్థ పేరు పెడితే ఆ సంస్థ నోటీసు తెరిచి సరిచూసుకోకుండా ఆ వాక్యం రాయకూడదు.

అక్కడి నుంచి ముగింపు తనంతట తానే వచ్చింది. తెల్లారగట్ల కొమురయ్య డ్యూటీకి బయల్దేరుతున్నాడు. టీసీ కవర్లోనే ఉంది.

"బాపూ, వచ్చే ఫిబ్రవరిల ఐతారాలు డబుల్ ఎక్కకు."

"జాతర దినాలు బిడ్డా. మస్తు గిరాకి ఉంటది."

"ఉండనీ. ఐతారం పూట ఫోన్ చేస్త. ఇంట్ల ఉండు."

ఆమె తనను విశ్రాంతి తీసుకోమంటోందని అతను అనుకుంటాడు. తల ఊపి గేటు తీస్తాడు. ఆమె సిల్చార్ అనే మాట ఇంకా పలకలేదు. కానీ ఆదివారం ఫోన్ చేస్తానంటే ఆమె ఇంట్లో ఉండదనే. ఆ ముక్క అతనికి గేటు దగ్గర అర్థమవుతుందా, బస్సులో మొదటి ట్రిప్పులో అర్థమవుతుందా అన్నది రచయిత చాలా సేపు తేల్చుకోలేకపోయారు. చివరి ప్రతిలో అతను గేటు వేయడం మర్చిపోయి వెళ్తాడు. రోజూ లెక్క ముగించి తలుపు వేసే మనిషి.

ఆఖరి ప్రూఫ్‌లో ఒక్క వాక్యం కొట్టేశాం: "ఆ నాలుగు ఆదివారాల సంగతి ఆమె ఎప్పటికీ చెప్పలేదు." ఆ చోట తెరిచిన గేటు మాత్రం మిగిలింది.